కొత్త ఇంటి ప్లానులోనే సోలార్ ప్యానెళ్లకు నీడ పడని చోటు కేటాయించుకోవడం ఎలా

ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో పాలకొల్లు దగ్గర ఒక ఇంటి డాబాను మే నెలలో కొలిచాను. మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు నైరుతి మూలన ఉన్నాయి. వాటికి సరిగ్గా ఉత్తరాన ఉన్న జాగాలో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నిలబడి చూశాను. ఎక్కడా నీడ లేదు. అక్కడే ప్యానెళ్లు పెట్టించాను. నవంబరు నెలాఖరున ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి, "మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా కరెంటు సగానికి పడిపోతోందండీ" అన్నారు. వెళ్లి చూస్తే ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద నల్లగా పరుచుకుని ఉంది. కొలతలో తప్పు లేదు, నేను కొలిచిన నెలలోనే ఉంది తప్పంతా. అప్పటికి మెట్ల గదిని జరపలేము, ట్యాంకును దించలేము. అదే ఇల్లు కాగితం మీద ఉన్న రోజున అయితే ఈ చిక్కును ఒక రబ్బరు, ఒక పెన్సిలు తీర్చేసేవి. ఇల్లు ఇంకా ప్లాను దశలోనే ఉన్న మీలాంటివారి కోసం ఆ కాగితం మీద చేయవలసిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: మన సూర్యుడు ఏ దిక్కున నడుస్తాడో తెలుసుకోండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ఊళ్లన్నీ దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అందువల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగిలిన తొమ్మిది నెలలూ సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. ఆ నీడ డిసెంబరు 21 నాటికి అన్నిటికన్నా పొడవవుతుంది. నేను మే నెలలో చూసి మోసపోయింది ఇందుకే. అన్ని దిక్కులా ఒకే దూరం వదలమని చెప్పే సలహా కూడా ఇందుకే మన డెల్టాలో పనికిరాదు. దక్షిణాన ఉన్న అడ్డుకు చాలా దూరం వదలాలి, ఉత్తరాన ఉన్న అడ్డుకు కొద్దిగా వదిలితే చాలు.

ఎంత వదలాలో లెక్క కట్టి చెబుతాను. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు, ఏడాది పొడవునా, నీడ తగలకూడదన్నది మన షరతు. రోజు మొత్తం రాబడిలో పెద్ద వాటా ఈ ఆరు గంటల్లోనే వస్తుంది కాబట్టి దీనికి ముందూ వెనకా పడే నీడను సర్దుకోవచ్చు. ప్రతి అడుగు ఎత్తుకూ డిసెంబరు 21న తొమ్మిదికీ మూడుకూ నీడ ఉత్తరంగా 1.1 అడుగులు జరుగుతుంది. అదే సమయంలో అది తొమ్మిది గంటలకు పడమరగా 1.3 అడుగులు, మూడు గంటలకు తూర్పుగా 1.3 అడుగులు సాగుతుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఉత్తరంగా 0.84 అడుగు మాత్రమే ఉంటుంది. జూన్ 21న అదే నీడ తొమ్మిదికీ మూడుకూ పక్కలకు 0.9 అడుగు, దక్షిణంగా 0.3 అడుగు వెళుతుంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది కాబట్టి మన గడియారానికీ సూర్యుడి గడియారానికీ పెద్దగా తేడా ఉండదు. నిమిషాలు సరిచూసుకునే శ్రమ మనకు లేదు.

మొత్తం మీద మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. అడ్డు ప్యానెళ్లకు దక్షిణాన ఉంటే దాని ఎత్తుకు 1.1 రెట్లు, తూర్పునగానీ పడమరగానీ ఉంటే 1.3 రెట్లు, ఉత్తరాన ఉంటే మూడో వంతు దూరం వదలాలి.

ఇక్కడ ఎత్తు అంటే శ్లాబు మీద నుంచి కొలిచే ఎత్తు కాదు, ప్యానెల్ కింది అంచు నుంచి పైకి ఉన్న ఎత్తు. మూడడుగుల పిట్టగోడ పక్కన ప్యానెల్ కింది అంచు శ్లాబుకు అడుగున్నర పైన ఉంటే, నీడ లెక్కకు ఆ గోడ అడుగున్నర గోడే. ఈ చిన్న తేడాను మనసులో ఉంచుకోండి, ముందు ముందు చిక్కంతా దీనితోనే విడిపోతుంది.

రెండో మెట్టు: ప్లాను మీద నిజమైన ఉత్తరం గీయండి

డెల్టాలో కాలువ గట్టు వెంబడో, పుంత వెంబడో విడగొట్టిన స్థలాలు చాలాసార్లు దిక్కులకు సరిగ్గా ఉండవు. పది పదిహేను డిగ్రీలు ఏదో ఒక వైపు తిరిగి ఉంటాయి. ప్లానులో గోడకు సమాంతరంగా గీసిన బాణాన్ని నమ్మకుండా, స్థలం మధ్యలో ఇనుముకు దూరంగా నిలబడి దిక్సూచితో చూడండి. ఫోన్‌లోని దిక్సూచి చువ్వల కట్టల దగ్గర తప్పు చూపిస్తుంది. స్థలం కొంచెం తిరిగి ఉన్నా ప్యానెళ్లను ఇంటి గోడలకు సమాంతరంగానే పెట్టుకోవచ్చు, అంత మాత్రానికి రాబడి పెద్దగా తగ్గదు. నీడలను మాత్రం నిజమైన ఉత్తరాన్ని బట్టే గీయాలి.

మూడో మెట్టు: శ్లాబు మీదికి వచ్చే ప్రతి వస్తువుకూ నీడ గీయండి

పై అంతస్తు ప్లానును గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక అడుగు చొప్పున వేసుకోండి. మెట్ల గది, ట్యాంకు, పిట్టగోడ, స్నానాల గదుల గాలి గొట్టాలు, పిడుగు నిరోధక కడ్డీ, డిష్ యాంటెన్నా, వీధి వైపు కరెంటు స్తంభం ఉంటే అది కూడా, అన్నిటినీ ఎత్తులతో సహా గుర్తించండి. ఒక్కోదాని ప్రతి మూల నుంచీ పైన చెప్పిన దూరాలకు చుక్కలు పెట్టి కలిపితే, ఉత్తరం వైపు పెద్ద రెక్కలు, దక్షిణం వైపు చిన్న రెక్కలు ఉన్న సీతాకోకచిలుక ఆకారం వస్తుంది. ఆ ఆకారం లోపల ప్యానెల్ పెట్టకూడదు. ప్లాన్లు గీసే స్కెచప్ సాఫ్ట్‌వేర్ వాడే ఇంజనీరు ఉంటే ఊరి పేరు, తేదీ, సమయం ఇచ్చి ఇదే నీడను తెరమీద చూపించగలరు. అయినా ఒకసారి చేత్తో గీయమనే నా మాట. గీసిన మనిషికి ఏ గోడ జరపాలో వెంటనే తడుతుంది.

సన్నని గొట్టాలను చూసి కంగారు పడనక్కర్లేదు. ఒక వస్తువు మందానికి సుమారు 108 రెట్ల దూరం దాటాక దాని గట్టి నీడ తేలిపోతుంది. అంగుళం మందం కడ్డీకి ఆ దూరం తొమ్మిది అడుగులు. కాబట్టి కడ్డీని, యాంటెన్నాను ఉత్తరం అంచుకు పంపితే సరిపోతుంది. నాలుగంగుళాల గాలి గొట్టానికి మాత్రం అదే లెక్క 36 అడుగులు అవుతుంది. దాన్ని పొట్టిగా ఉంచమనో, ఉత్తరం గోడ వెంబడి తీసుకెళ్లమనో ప్లంబరుకు ముందే చెప్పండి.

కొంచెం నీడకే ఎందుకింత పట్టింపు అని మీకు అనిపించవచ్చు. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే గడులు దండలో పూలలా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. నీడ పడిన గడి తన వరుసలో పారే కరెంటును అడ్డుకుంటుంది, అప్పుడు లోపలి డయోడ్ ఆ భాగాన్నంతా పక్కకు తప్పిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న, గడులను సగానికి కోసి చేసిన ప్యానెల్‌ను నిలువుగా పెట్టినప్పుడు, కింది అంచు మీద జానెడు నీడ పడితే ఆ ప్యానెల్ రాబడిలో దాదాపు సగం పోతుంది. నీడ ఆక్రమించిన చోటుకూ పోయిన రాబడికీ పొంతన ఉండదు.

నాలుగో మెట్టు: నైరుతి చిక్కును విడదీయండి

మన దగ్గర ప్రతి ఇంట్లోనూ ఇదే అసలు సమస్య. వాస్తు ప్రకారం నైరుతి బరువుగా, ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలి. అందువల్ల మెట్ల గదీ, దాని మీద ట్యాంకూ దక్షిణం, పడమర కలిసే చోటికే వస్తాయి. తొమ్మిది నెలలు సూర్యుడు దక్షిణంగా నడిచే చోట డాబా మీద ఎక్కువ నీడ పరిచే మూల అదే. వాస్తును పక్కన పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఇంటివారి మనసులో ఆ శంక ఉన్నంతకాలం ఆ ఇల్లు వారికి సుఖంగా ఉండదు. రెండూ పొసగే దారి ఉందని ఒక ఉదాహరణతో చూపిస్తాను.

అయిదు సెంట్ల స్థలంలో తూర్పు ముఖం రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. శ్లాబు తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 36 అడుగులు. మొదటి ప్లానులో 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న మెట్ల గది నైరుతి మూలన ఉంది. దాని ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే ట్యాంకు పైభాగం శ్లాబుకు 13 అడుగుల ఎత్తున ఉంటుంది. ప్యానెళ్లు శ్లాబుకు అడుగున్నర ఎత్తులో పెడితే, లెక్కకు మెట్ల గది 7 అడుగులు, ట్యాంకు పదకొండున్నర అడుగులు. గది నీడ ఉత్తరంగా దాదాపు 8 అడుగులు, తూర్పుగా 9 అడుగులు వెళుతుంది. ట్యాంకు నీడ తూర్పుగా 15 అడుగుల దాకా పోతుంది. అన్నీ గీస్తే నైరుతి నుంచి తూర్పుగా 20 అడుగులు, ఉత్తరంగా 24 అడుగులు, అంటే డాబాలో దాదాపు సగం, పనికిరాకుండా పోయింది. ఆరు ప్యానెళ్ల వరుస ఒకటి ఉత్తరం అంచున ఇరుకుగా పడుతుంది. రెండో వరుసకు మాత్రం చోటు లేదు, పైగా ఖాళీగా ఉండాల్సిన ఈశాన్యం ప్యానెళ్లతో మూసుకుపోతుంది.

ఇప్పుడు రెండు మార్పులు చేద్దాం. మెట్ల గదిని అదే పడమర గోడ వెంబడి వాయవ్య మూలకు జరుపుదాం. వాయవ్యంలో మెట్లను వాస్తు చూసేవారిలో చాలామంది ఒప్పుకుంటారు, అయితే నైరుతి కన్నా వాయవ్యం ఎత్తు కాకూడదంటారు. రెండోది, ట్యాంకును నైరుతిలోనే ఉంచి, రెండడుగుల దిమ్మె మీదికి దించి, దాని మీదుగా ప్యానెళ్లను పందిరిలా లేపుదాం. ట్యాంకు పైభాగం శ్లాబుకు ఆరున్నర అడుగుల ఎత్తుకు వస్తుంది. ప్యానెళ్ల కింది అంచును ఎనిమిదిన్నర అడుగులకు పెడితే ట్యాంకు మూత తీసి కడగడానికి రెండడుగుల సందు మిగులుతుంది. నీడ పరిచే ట్యాంకు నీడలోకి వెళ్లింది, వేసవిలో నీళ్లు కాగిపోవడం కూడా తగ్గుతుంది. మెట్ల గది ప్యానెల్ అంచుకు సమానమైన ఎత్తులో ఉంది కాబట్టి దాని నీడ లెక్కలోకే రాదు. నైరుతిలో ట్యాంకు బరువూ పందిరి ఎత్తూ ఉన్నాయి, ఈశాన్యం ఖాళీగా ఉంది.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ట్యాంకు కిందికి దిగడంతో పై అంతస్తు షవరులో నీటి ఒత్తిడి తగ్గుతుంది. అది ఇబ్బంది అనుకుంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవాలి, దాని కోసం ట్యాంకు దగ్గర ఒక ప్లగ్ పాయింటు ప్లానులోనే చూపించండి.

అయిదో మెట్టు: ప్యానెళ్లను పరచండి

ఇప్పుడు మార్కెట్‌లో దొరికే 540 వాట్ల ప్యానెల్ సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. పీఎం సూర్యఘర్ రాయితీ మూడు కిలోవాట్ల దగ్గర 78,000 రూపాయలకు ఆగిపోతుంది కాబట్టి ఎక్కువమంది ఆరు ప్యానెళ్లతో మొదలుపెడతారు. ఆరింటినీ నిలువుగా పక్కపక్కన పెడితే వరుస పొడవు ఇరవై రెండున్నర అడుగుల పైచిలుకు. మన 30 అడుగుల వెడల్పులో అంచులు వదిలి హాయిగా పడుతుంది.

వాలు దక్షిణానికి 10 డిగ్రీలు చాలు. 15 డిగ్రీలు పెడితే ఏడాది రాబడి కాస్త పెరుగుతుంది గానీ ఆ తేడా చాలా స్వల్పం, గాలికి మాత్రం ప్యానెల్ మరింత ఎదురొడ్డుతుంది. తుపాను తీరంలో 10 డిగ్రీలే మంచిదని నా అభిప్రాయం. ఆ వాలుకు ప్యానెల్ పై అంచు కింది అంచు కన్నా 1.3 అడుగులు ఎత్తుగా ఉంటుంది. వెనక వరుసకు ముందు వరుస కూడా దక్షిణాన ఉన్న అడ్డే కాబట్టి 1.3ను 1.1తో గుణిస్తే అడుగున్నర వస్తుంది. కడిగే మనిషి నడవడానికి కూడా వీలుగా రెండడుగులు వదలండి. రెండు వరుసలూ వాటి మధ్య సందూ కలిపి దాదాపు 17 అడుగులు. దక్షిణం అంచు నుంచి మూడడుగులు వదిలి మొదలుపెడితే సరిగ్గా మెట్ల గది దక్షిణపు గోడ దగ్గర ముగుస్తుంది. ఇవాళ ఆరు ప్యానెళ్లే కొన్నా, రేపు ఏసీయో, కరెంటు బండో వచ్చినప్పుడు రెండో వరుసకు చోటు సిద్ధంగా ఉంటుంది.

మెట్ల గదికి తూర్పున, పందిరికి ఉత్తరాన, 22 అడుగులకు 16 అడుగుల ఎండ జాగా మిగిలింది. వడియాలు, అప్పడాలు, పచ్చడి మిరపకాయలు ఎండబెట్టే ఇల్లాలికి ఆ జాగా దక్కాలి. డిసెంబరు మధ్యాహ్నం పందిరి నీడ దానిలో సగం దాకా వస్తుంది. వడియాలు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నపు నీడ నాలుగున్నర అడుగులు దాటదు.

ఆరో మెట్టు: పక్క స్థలాన్నీ కొబ్బరి చెట్లనూ కలిపి చూడండి

దక్షిణాన ఖాళీ స్థలం ఉంటే అక్కడ మీ కన్నా ఒక అంతస్తు ఎక్కువ ఇల్లు లేస్తుందనే అనుకోండి. ఆ ఇంటి పిట్టగోడ మీ శ్లాబు కన్నా 13 అడుగులు ఎత్తుగా ఉంటుంది. ప్యానెళ్లు అడుగున్నర ఎత్తులో ఉంటే నీడ 12.7 అడుగులు వస్తుంది. రెండిళ్ల మధ్య ఆరడుగుల సందు పోగా మీ డాబా దక్షిణాన దాదాపు ఏడడుగులు నీడలో పడుతుంది. ప్యానెళ్లు ఎనిమిదిన్నర అడుగుల మీద ఉంటే నీడ అయిదడుగులే, అది సందులోనే ఆగిపోతుంది. తూర్పు వైపు పొరుగు స్థలం విషయంలో మరొకటి గమనించండి. వాళ్లూ వాస్తు చూసుకునే కడతారు కాబట్టి వాళ్ల నైరుతి ట్యాంకు సరిగ్గా మీ తూర్పు గోడకు ఆనుకుని వస్తుంది, మీకు ఉదయపు నీడ అవుతుంది.

కోనసీమలో దీనికి మించిన లెక్క కొబ్బరిది. మీ శ్లాబు నేలకు 24 అడుగుల ఎత్తున, ప్యానెల్ అంచు 32 అడుగుల చిల్లరన ఉందనుకుంటే, 55 అడుగుల చెట్టు తల దానికి 22 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంటుంది. అది దక్షిణాన ఉంటే మట్టల చివర నుంచి 25 అడుగులు, తూర్పు పడమరల్లో ఉంటే 29 అడుగులు, ఉత్తరాన ఉంటే ఏడున్నర అడుగులు నీడ మేర. దూరాన్ని మాను నుంచి కాకుండా మట్టల చివర నుంచే కొలవాలి, ఎందుకంటే మట్టలే పన్నెండు అడుగులకు పైగా చాచి ఉంటాయి. వేప కొమ్మ నరికినట్టు కొబ్బరి తల నరకలేము, నరికితే చెట్టు చస్తుంది. కాపు కాసే చెట్టును ప్యానెళ్ల కోసం కొట్టమని నేను చెప్పను. పందిరిని ఉత్తరానికి జరపండి, అప్పటికీ ఒకటి రెండు ప్యానెళ్ల మీద నీడ తప్పకపోతే ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టరు ఉండే పద్ధతిని ఎంచుకుంటే ఆ నష్టం మిగతావాటికి పాకదు. కొత్తగా మొక్క నాటేటప్పుడు మాత్రం ఉత్తరం హద్దు వెంబడే నాటండి. ఇవాళ నడుము ఎత్తున ఉన్న మొక్క ప్యానెళ్ల పాతికేళ్ల ఆయుష్షులో వాటిని దాటిపోతుంది. ఎండు మట్టలు, కాయలు రాలే మేరలో ప్యానెల్ ఉండకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఏడో మెట్టు: పందిరి కాళ్లను శ్లాబుతోనే పోయించండి

ప్యానెళ్లను ఎత్తితే నీడ సమస్య తీరుతుంది, గాలి సమస్య పెరుగుతుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానును చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. గాలి భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం మన తీరానికి సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఆ వేగంలో ఒక్కో ప్యానెల్‌ను పైకి లాగే బలం 300 కిలోలు దాటవచ్చు, ప్యానెల్ బరువేమో 28 కిలోల దగ్గర ఉంటుంది. శ్లాబు మీద ఊరికే పెట్టిన సిమెంటు దిమ్మెలు దీన్ని ఆపలేవు. తర్వాత శ్లాబును తొలిచి బిగిస్తే ఆ రంధ్రాల్లోంచి వానాకాలం కారుతుంది.

కాబట్టి పందిరి కాళ్లు ఇంటి పిల్లర్ల నెత్తిన పడేలా ప్లాను సర్దండి. ఆ పిల్లర్ల చువ్వలను శ్లాబు పైకి రెండడుగులు వదిలించి, అడుగున్నర ఎత్తు దిమ్మెలు పోసి, బోల్టులను కాంక్రీటులోనే పాతించండి. రెండో వరుస కాళ్ల దిమ్మెలు కూడా ఇప్పుడే పోయించండి. కాళ్ల కొలతలను, అడ్డ పట్టీలను స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించాలి, ఇనుము ఉప్పుగాలికి తట్టుకునేలా వేడి జింకులో ముంచినదై ఉండాలి. ప్యానెల్ ఏదీ పిట్టగోడ దాటి బయటికి చొచ్చుకు రాకూడదు, అంచుల దగ్గరే గాలి లాగుడు ఎక్కువ. శ్లాబు పోసే ముందురోజు మేస్త్రి పక్కన నిలబడి దిమ్మెల స్థానాలను టేపుతో మీరే కొలిచి చూసుకోండి, అక్కడ అడుగు తప్పితే పైన వరుస మొత్తం తప్పుతుంది.

ఎనిమిదో మెట్టు: శ్లాబు ఆరాక, ప్యానెళ్లు ఎక్కాక సరిచూడండి

ఇల్లు పూర్తయ్యేలోపు నవంబరు చివరి నుంచి జనవరి మూడో వారం మధ్య ఒక తేట రోజు దొరికితే, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు డాబా ఎక్కి నీడల అంచులను సుద్దతో గీయండి. మీ గళ్ల కాగితంతో పోల్చి చూడండి. ఆ నెలల్లో కుదరకపోతే కాగితాన్నే నమ్మండి, వేసవి కంటిని నమ్మకండి.

ప్యానెళ్లు పని మొదలుపెట్టాక ఇన్వర్టరు యాప్‌లో రోజువారీ గీత చూడండి. మబ్బులేని రోజున అది పొద్దున లేచి, మధ్యాహ్నం శిఖరానికి చేరి, సాయంత్రానికి నున్నగా దిగాలి. ఆ గీతలో రోజూ ఒకే గంటకు నొక్కు పడుతూ, నవంబరు డిసెంబరు నెలల్లో లోతై, మార్చికి మాయమైతే అది దక్షిణాన ఉన్న దేనిదో నీడ. మే, జూన్ నెలల్లోనే కనిపించి పోయే నొక్కయితే ఉత్తరం వైపు వెతకండి. మబ్బు వేసే నొక్కుకు వేళాపాళా ఉండదు. ప్యానెల్ మీద పేరుకున్న దుమ్ము అయితే నొక్కు వేయదు, గీత మొత్తాన్నీ కాస్త కిందికి దించుతుంది, ఒక మంచి వాన పడగానే అది మళ్లీ లేస్తుంది.